గోంగూర దొరకని ఊళ్ళో గోంగూర పప్పు



పిల్లలు పరాయి దేశంలో ఉన్న ఇళ్ళల్లో ఆదివారం ఫోను మోగిందంటే సగం మాటలు వంట గురించే. "అమ్మా, ఇక్కడ అది దొరకదు, ఇది దొరకదు, ఏం చెయ్యను?" అని అడుగుతారు. ఇవాళ మీతో ఆ సంగతే మాట్లాడదామనుకుంటున్నాను. అన్ని వంటలూ కాదు, రెండే రెండు: ఒకటి గోంగూర పప్పు, రెండోది మన విశాఖపట్నం వైపు పెళ్ళిళ్ళలో తప్పనిసరి అయిన ఆవ పెట్టిన పనసపొట్టు కూర.

మా చెల్లెలి కూతురు అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో ఉంటోంది. మన సరుకులు అమ్మే దుకాణం కారులో రెండు గంటల దూరం. మంచు పడే రోజుల్లో ఆ రెండు గంటలు ఎన్ని గంటలవుతాయో చెప్పలేం. కిందటేడు నవంబరులో దానికి మూడో నెల. వేవిళ్ళు. నోటికి ఏదీ సయించక, పాలూ రొట్టే చూస్తేనే వికారం పుడుతోందని ఏడుపు. "పెద్దమ్మా, గోంగూర పప్పూ అన్నం ఒక్క ముద్ద తింటే బాగుండునే. ఇక్కడి సూపర్ మార్కెట్టులో నూరు రకాల ఆకులున్నాయి కానీ గోంగూర లేదు" అంది.

అప్పుడు దాన్ని నేనడిగిన మాటే మీకూ చెబుతాను. ఆ పప్పులో గోంగూర చేసే పనేమిటి? ఒకటి పులుపు, రెండోది కాస్త వగరు, మూడోది ఆకు ఉడికి మెత్తబడి పప్పుకి ఇచ్చే చిక్కదనం. ఈ మూడూ ఒక్క వస్తువులో దొరక్కపోతే రెండింటిలో వెతకాలి. గోంగూరలా కనిపించే ఆకు కోసం దుకాణమంతా తిరిగితే లాభం లేదు.

పులుపూ వగరూ రెండూ ఉన్న పండు ఒకటి వాళ్ళ ఊరి చుట్టూనే పండుతోంది. క్రాన్‌బెర్రీ అంటారు. మన వాక్కాయలంత ఉంటాయి, ఎర్రగా, గట్టిగా. అమెరికాలో అందరికన్నా ఎక్కువ పండించేది ఆ విస్కాన్సిన్ రాష్ట్రమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పచ్చివి సంచుల్లో వస్తాయి. ఒక్కో సంచి పన్నెండు ఔన్సులు, అంటే 340 గ్రాములు, కొలిస్తే మూడు కప్పులు. మిగతా నెలల్లో మంచుపెట్టెలో గడ్డకట్టించినవి ఉంటాయి, అవీ పనికొస్తాయి. ఎండబెట్టి అమ్మేవి మాత్రం కొనవద్దు, వాటికి చక్కెర పట్టించి ఉంటారు. డబ్బాలో వచ్చే క్రాన్‌బెర్రీ సాస్ కూడా తీపి సరుకే.

ఇక ఆకు సంగతి. దానికి పాలకూర చాలు. పాలకూరకి పులుపు లేదు, అందుకే ఈ పండుతో తగువు పడదు. ఎర్రపండూ పచ్చాకూ కలిసి ఉడికితే వచ్చే రంగు గోధుమరంగు. ఉడికిన గోంగూర రంగు కూడా అదే కదా!

కందిపప్పు కూడా లేదంది. సూపర్ మార్కెట్టులో ఎర్ర మసూరు పప్పు దొరుకుతుంది. అది కుక్కరు లేకపోయినా పదిహేను, ఇరవై నిమిషాల్లో మెత్తబడుతుంది. పసుపు పచ్చని బఠాణీ పప్పు చూడ్డానికి మన కందిపప్పులా ఉంటుంది గానీ నానబెట్టినా ఉడకడానికి చాలాసేపు పడుతుంది, రుచి కూడా వేరు. నన్నడిగితే మసూరే మేలు.

చేసే విధానం చెబుతాను. ఒక కప్పు మసూరు పప్పు కడిగి, మూడు కప్పుల నీళ్ళూ చిటికెడు పసుపూ వేసి విడిగా ఉడికించాలి. ఈ "విడిగా" అన్న మాట మరిచిపోకండి. పుల్లని వస్తువు ముందే వేస్తే పప్పు ఎంతసేపు ఉడికినా బద్దలు బద్దలుగానే ఉంటుంది. మన చింతపండు పప్పులోనూ ఇదే లెక్క. ఇంకో గిన్నెలో ఒక కప్పు క్రాన్‌బెర్రీలు, నిలువునా చీల్చిన మూడు పచ్చిమిరపకాయలు, ఒక ఉల్లిపాయ ముక్కలు, అరకప్పు నీళ్ళు వేసి మూతపెట్టాలి. ఆ కాయల లోపల గాలి ఉంటుంది, వేడికి టపటపా పేలతాయి. భయపడక్కర్లేదు, మూత మాత్రం తియ్యకూడదు. ఏడెనిమిది నిమిషాలకి చప్పుడు ఆగిపోతుంది. అప్పుడు రెండు గుప్పిళ్ళ పాలకూర తరిగి వేసి, ఆకు వాడగానే గరిటెతో మెదిపి, ఉడికిన పప్పులో కలిపి, ఉప్పు వేసి రెండు పొంగులు రానివ్వాలి.

ఇప్పుడు రుచి చూడాలి. నాలుక మీద పచ్చి జామకాయ తిన్నట్టు పట్టేస్తే అది వగరు ఎక్కువైందన్నమాట. అప్పుడు ఉప్పు వేసుకుంటూ పోతే బాగుపడదు, బెల్లం పడాలి. బెల్లం లేదా? అక్కడ బ్రౌన్ షుగర్ అని తడితడిగా ఉండే చక్కెర దొరుకుతుంది. అర చెంచాతో మొదలుపెట్టాలి. ఇంకో సంగతి, ఈ పండుకి జిగురు గుణం ఉంది. దానితోనే వాళ్ళు జామ్ చేస్తారు. పొయ్యి మీద పల్చగా ఉన్న పప్పు చల్లారేసరికి గట్టిపడుతుంది కనుక దించేటప్పుడు కాస్త జారుగానే ఉంచాలి.

పోపుకి వెల్లుల్లి, జీలకర్ర అన్నిచోట్లా ఉన్నాయి. ఎండుమిరపకాయలకి మెక్సికో సరుకుల వరసలో చూడమన్నాను. ఆర్బోల్ అనే సన్నకాయలు మన కాయలంత కారంగానే ఉంటాయి. కరివేపాకు లేకపోతే లేనట్టే. కర్రీ పౌడరు పేరులో కర్రీ ఉందని దాన్ని తెచ్చి పోపులో వెయ్యకండమ్మా, అది మసాలా పొడి. అమెరికాలో చిలీ పౌడర్ అని అమ్మేది కూడా మన కారం కాదు. సీసా వెనక చదివితే తెలుస్తుంది, అందులో మిరపపొడితోబాటు జీలకర్ర, వెల్లుల్లి, ఒక విదేశీ ఆకు కలిపి ఉంటాయి. ఉత్త కారం కావాలంటే కయెన్ అని రాసి ఉన్న సీసా తీసుకోవాలి.

పులుపు కోసం నిమ్మకాయ పిండమని కొందరంటారు. పిండవచ్చు, కానీ దించిన తరవాతే. నిమ్మరసం మరిగితే సువాసన పోయి చేదెక్కుతుంది. క్రాన్‌బెర్రీ పులుపు, చింతపండు పులుపు మరుగుకి తట్టుకుంటాయి.

ఎండాకాలం ముందు, వాళ్ళ వసంత రుతువులో, రూబార్బ్ అని ఎర్రకాడలు వస్తాయి. కాడ పుల్లగా బాగుంటుంది, పప్పులోకీ పచ్చడిలోకీ పనికొస్తుంది. దుకాణంలో సాధారణంగా కాడలే అమ్ముతారు. చిక్కెక్కడ వస్తుందంటే, పొరుగింటావిడ పెరట్లో కోసి ప్రేమగా ఆకులతోసహా కట్ట తెచ్చి ఇస్తుంది. మన ఆడపిల్లకి ఆకు కనబడితే ఆకుకూరే అనిపిస్తుంది. రూబార్బ్ ఆకు విషం. ఆక్జాలిక్ ఆమ్లం దానిలో మెండుగా ఉంటుంది, ఉడికించినా పోదు. ఆకంతా కోసి పారేసి కాడే వాడాలి. మూత్రపిండాల్లో రాళ్ళున్నవాళ్ళు కాడ కూడా తినకుండా ఉంటేనే మంచిది. మా పిల్లకి ఈ మాట రెండుసార్లు చెప్పి, దానిచేత తిరిగి చెప్పించుకున్నాను.

పేర్ల తికమక ఒకటుంది. సారెల్ అని సూపర్ మార్కెట్టులో ఉండే ఆకు మన చుక్కకూర జాతిది, పుల్లగా ఉంటుంది, నిస్సందేహంగా వాడుకోవచ్చు. వెస్టిండీస్ వాళ్ళ దుకాణంలో అదే పేరుతో అమ్మేవి ఎండిన ఎర్రపూల తొడిమలు. మెక్సికో వాళ్ళు వాటినే హమైకా అంటారు. అవి మరెవరివో కావు, మన గోంగూర మొక్కవే! గుప్పెడు తొడిమలు వేడినీళ్ళలో నానబెట్టి పిండితే ఎర్రని పులుసు నీళ్ళు వస్తాయి, చారుకి చింతపండు బదులు పోసుకోవచ్చు. అసలు గోంగూర ఆకే కావాలంటే, ఆ ఊళ్ళో బర్మా వాళ్ళ అంగడి ఉందేమో కనుక్కోవాలి. వాళ్ళూ మనలాగే ఆ ఆకు తింటారు, చిన్‌బావ్ అంటారు.

ఇక పనసపొట్టు. పనసకాయ కొట్టించి తేవడానికి అక్కడ ఎవరున్నారు? కానీ మాంసం మానేసినవాళ్ళ కోసమని ఈమధ్య లేత పనస డబ్బాల్లో వస్తోంది. డబ్బా మీద "బ్రైన్" అని, అంటే ఉప్పునీళ్ళని రాసి ఉండాలి. "సిరప్" అని ఉంటే అది పాకంలో వేసిన పండు. ఉప్పునీళ్ళు పారబోసి, రెండుసార్లు కడిగి, చిటికెడు పసుపు వేసిన నీళ్ళలో పది నిమిషాలు ఉడికించి వార్చెయ్యాలి. లేకపోతే డబ్బా వాసన కూరంతా పట్టుకుంటుంది. చల్లారాక రెండు చేతుల మధ్య గట్టిగా పిండి, వేళ్ళతో పీచు పీచుగా విడదియ్యాలి. తడి మిగిలితే కూర ముద్దవుతుంది. ఇది మన పొట్టంత పొడిపొడిగా రాదు, అది ముందే ఒప్పుకోవాలి. ఉప్పు అప్పటికే పట్టి ఉంటుంది గనుక రుచి చూడకుండా మళ్ళీ వెయ్యకూడదు.

ఈ కూరకి ప్రాణం ఆవ. అక్కడ సీసాల్లో అమ్మే మస్టర్డ్ ముద్దలో వెనిగరు కలిసి ఉంటుంది, అది మన కూరకి పనికిరాదు. మసాలాల వరసలో ఉత్త ఆవపొడి దొరుకుతుంది. రెండు చెంచాల పొడిలో చన్నీళ్ళు పోసి ముద్దచేసి పది నిమిషాలు పక్కన పెట్టాలి. ఆవపొడికి నీళ్ళు తగిలాకే ఘాటు పుడుతుంది, అందుకు కాస్త వ్యవధి కావాలి. వేడినీళ్ళు పోస్తే ఆ ఘాటు పుట్టదు, పుట్టిన ఘాటు పొయ్యి మీద నిలవదు. అందుచేత పోపులో పనస వేయించి, చింతపండు రసం పట్టించి, దించి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక ఆవ కలపాలి. పచ్చని ఆవాల పొడి అయితే నాలుక మీద చురుక్కుమంటుంది గానీ ముక్కుకి ఎక్కదు. ముక్కుకి ఎక్కే ఆవ కావాలంటే నల్లావాలో గోధుమరంగు ఆవాలో తెచ్చి ఇంట్లో నూరుకోవాలి.

మా బొర్రా వాళ్ళకి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మన కొండల మీద పసుపు పచ్చగా పూసే వలిసెలు అమెరికాలోనూ దొరుకుతాయి, నైజర్ అన్న పేరుతో సంచులకి సంచులు. వలిసెల పొడి చేసుకుందామని మన పిల్లలు ఎగిరి గంతేస్తారు. ఆ సంచులు పిట్టలకి మేత. మొలకెత్తకుండా కాల్చి పంపినవి, మనుషులు తినడానికని శుభ్రం చేసినవి కావు. ఆ పొడికి బదులు నల్లనువ్వులు సన్నసెగ మీద చిటపటలాడేదాకా వేపి, ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ ఉప్పూ వేసి దంచుకోవడం నయం. ఇంకాస్త దగ్గర రుచి కావాలంటే మూడు వంతుల నువ్వులకి ఒక వంతు అవిసెగింజలు కలపాలి. అవిసెలు విడిగా వేపండి.