‘ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ’ గడిలో ఏం రాయాలి?

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మారాలనుకునేవాళ్లకు ఈ మెయిల్ బాగా పరిచయం. ఉద్యోగం గురించి నాలుగు లైన్లు, కింద ఓ చిన్న పట్టిక. మొత్తం అనుభవం ఎన్నేళ్లు, ఈ టెక్నాలజీలో ఎన్నేళ్లు, ఇప్పుడున్న కంపెనీ, కరెంట్ సీటీసీ, ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ, నోటీస్ పీరియడ్, ఉంటున్న ఊరు. సాయంత్రంలోగా నింపి పంపమని చివర్లో ఒక మాట. ఇంటర్వ్యూ ఎప్పుడో తెలియదు, అక్కడ చేయాల్సిన పనేమిటో సరిగ్గా తెలియదు. ఎంత జీతం కావాలో మాత్రం ముందే చెప్పాలి.

కొందరు ఆ గడిలో ఠక్కున 12 అనో 15 అనో వేసి పంపేస్తారు. ఇంకొందరు ‘నెగోషియబుల్’ అని రాసి ఊరుకుంటారు. రెండింటివల్లా నష్టపోయేది అభ్యర్థే. ఎలాగో తెలియాలంటే ముందు ఆ అంకె ఎవరి చేతికి వెళ్తుందో చూడాలి.

మెయిల్ పంపినవాళ్లు కన్సల్టెన్సీ వాళ్లయితే ఆ పట్టిక నేరుగా వాళ్ల ఎక్సెల్ షీట్‌లోకి వెళ్తుంది. ఒకే ఉద్యోగానికి వచ్చిన ప్రొఫైళ్లన్నీ ఆ షీట్‌లో వరసగా ఉంటాయి. కంపెనీ ఇచ్చిన బడ్జెట్ 11 లక్షలైతే 14 అని రాసిన ప్రొఫైల్ అక్కడే ఆగిపోతుంది. చాలాసార్లు ఆ సంగతి కబురు కూడా చేయరు. గడి ఖాళీగా ఉన్నా ముందుకు కదలదు, ఎందుకంటే అన్ని గడులూ నిండితేనే క్లయింట్ ప్రొఫైల్ తీసుకుంటాడు. కంపెనీ సొంత హెచ్‌ఆర్ విభాగం నుంచి వచ్చిన మెయిల్ అయితే కాస్త వెసులుబాటు ఉంటుంది. ఆ ఉద్యోగానికి ఎంత వరకు ఇవ్వొచ్చో వాళ్లకు నేరుగా తెలుసు. అడిగితే చెప్పే అధికారం కూడా చాలామందికి ఉంటుంది.

ఇంకో తేడా కూడా చూసుకోవాలి. పర్మనెంట్ ఉద్యోగంలో చేర్పించే కన్సల్టెన్సీకి సాధారణంగా ఆ ఉద్యోగి ఏడాది సీటీసీలో కొంత శాతం ఫీజుగా వస్తుంది. అభ్యర్థి జీతం తగ్గితే వాళ్లకు లాభమేమీ ఉండదు. వాళ్లకు కావల్సింది బడ్జెట్‌లో బేరం తెగడం. కాంట్రాక్టు ఉద్యోగంలో లెక్క తిరగబడుతుంది. క్లయింట్ చెల్లించే బిల్లింగ్ రేటుకూ ఉద్యోగికిచ్చే జీతానికీ మధ్య మిగిలేదే ఆ సంస్థ ఆదాయం. అక్కడ తక్కువ అంకె రాస్తే ఆ తగ్గిన మేర వాళ్ల ఖాతాలోకి పోతుంది. అందుకే అంకె వేసే ముందు ‘ఇది మీ పేరోల్ మీదా, కంపెనీ పేరోల్ మీదా?’ అని ఒక్క ప్రశ్న అడగడం తప్పనిసరి.

ఇక అసలు చిక్కు సీటీసీ అనే మాటలోనే ఉంది. కంపెనీ ఒక ఉద్యోగి మీద ఏడాదికి పెట్టే ఖర్చంతా సీటీసీ. చేతికొచ్చే జీతం అందులో ఒక భాగం. నాలుగేళ్ల అనుభవం, 9 లక్షల సీటీసీ ఉన్న ఒక టెస్టింగ్ ఇంజినీరును ఉదాహరణగా తీసుకుందాం.

ఆమె 9,00,000లో 90,000 వేరియబుల్. కంపెనీ ఫలితాలు, ఆమె రేటింగ్ చూసి ఇచ్చే సొమ్ము అది. పూర్తిగా రావచ్చు, సగమే రావచ్చు. మిగిలిన 8,10,000 ఫిక్స్‌డ్. బేసిక్ 4,50,000 అనుకుంటే దాని మీద 12 శాతం చొప్పున కంపెనీ కట్టే పీఎఫ్ వాటా 54,000. గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, అంటే సుమారు 21,600 కూడా సీటీసీలోనే చూపిస్తారు. పర్మనెంట్ ఉద్యోగి సాధారణంగా ఐదేళ్లు పనిచేస్తే గానీ ఆ డబ్బు చేతికి రాదు. ఆరోగ్య బీమా ప్రీమియం మరో 12,000. ఇవన్నీ తీసేస్తే నెలకు దాదాపు 60,200 మిగులుతుంది. అందులో ఆమె సొంత పీఎఫ్ వాటా 4,500, తెలంగాణ వృత్తి పన్ను 200 పోతే బ్యాంకులో పడేది దాదాపు 55,500. కొత్త పన్ను విధానంలో ఈ జీతానికి ఆదాయపు పన్ను పడదు కాబట్టి సరిపోయింది. 9 లక్షలను పన్నెండుతో భాగిస్తే 75,000 వస్తుంది. ఆ అంకె ఆమె ఖాతాలో ఏ నెలా కనిపించదు.

ఇప్పుడు ఆమె ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ గడిలో 12 లక్షలు అని మాత్రమే రాసిందనుకుందాం. 33 శాతం పెంపు అడిగానన్నది ఆమె లెక్క. ఇంటర్వ్యూలన్నీ బాగా జరిగాయి, ఆఫర్ లెటర్ వచ్చింది. అందులో నిజంగానే 12,00,000 ఉంది. లోపల చూస్తే వేరియబుల్ 20 శాతం, అంటే 2,40,000. మొదటి ఏడాది ఇచ్చే జాయినింగ్ బోనస్ లక్ష కూడా అందులోనే కలిపారు. ఫిక్స్‌డ్ 8,60,000. ఇప్పుడున్న 8,10,000తో పోలిస్తే పెరిగింది 50,000, ఆరు శాతానికి కాస్త ఎక్కువ. జాయినింగ్ బోనస్ రెండో ఏడాది రాదు. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు కూడా చాలా లెటర్లలో ఉంటుంది.

ఆమె ఫోన్ చేసి అడిగితే అవతలి నుంచి వచ్చే జవాబు ఊహించవచ్చు. “మీరు మెయిల్‌లో పన్నెండే అడిగారు కదండీ. ఆ నంబరుకే అప్రూవల్ తీసుకున్నాం.” ఆ మాటలో అబద్ధం లేదు. ఇంటర్వ్యూకి ముందు తొందరలో వేసిన అంకె ఆఫర్ దాకా ఆమె వెంటే వచ్చింది.

అదే ఉద్యోగికి మరో కంపెనీ 11 లక్షల సీటీసీ, అందులో 5 శాతం వేరియబుల్ ఇస్తే ఫిక్స్‌డ్ 10,45,000 అవుతుంది. పైకి లక్ష తక్కువగా కనిపించే ఈ ఆఫర్‌లో ఫిక్స్‌డ్ పెరుగుదల 29 శాతం. కాబట్టి ఆ గడిలో రాయాల్సింది ఫిక్స్‌డ్ జీతం. ‘ఫిక్స్‌డ్’ అన్న మాట అంకె పక్కనే కనబడాలి. కంపెనీ పీఎఫ్ వాటాను, గ్రాట్యుటీని కొందరు ఫిక్స్‌డ్‌లో కలుపుతారు, కొందరు కలపరు. కలిపి చెబుతున్నామో విడిగా చెబుతున్నామో రాస్తే రేపటి వాదన ఈరోజే తప్పుతుంది.

మరి జవాబు ఎలా ఉండాలి? ముందుగా బడ్జెట్ అడగడంలో తప్పేమీ లేదు. ‘ఈ ఉద్యోగం వివరాలు చూశాను, ఆసక్తి ఉంది. దీనికి అనుకున్న ఫిక్స్‌డ్ జీతం శ్రేణి ఎంతో చెబితే, ఇద్దరికీ కుదురుతుందో లేదో ఇప్పుడే తెలుస్తుంది’ అని రెండు వాక్యాలు చాలు. హెచ్‌ఆర్ నుంచి చాలాసార్లు సూటిగా జవాబు వస్తుంది. కన్సల్టెన్సీ వాళ్లు మెయిల్‌లో రాయకపోయినా ఫోన్‌లో చెబుతారు, ఎందుకంటే కుదరని ప్రొఫైల్ పంపితే వాళ్ల శ్రమే వృథా. ఆ తర్వాత కూడా అంకె కావాల్సిందే అంటే మళ్లీ దాటవేయకూడదు. రెండోసారి తప్పించుకుంటే ఆ వరస షీట్‌లోంచి పోతుంది.

అప్పుడు మన టెస్టింగ్ ఇంజినీరు ఇలా రాయవచ్చు: ‘ప్రస్తుతం ఫిక్స్‌డ్ 8.1 లక్షలు, వేరియబుల్ 90 వేలు. ఏప్రిల్‌లో ఇంక్రిమెంట్ రావాల్సి ఉంది. ఇప్పటిదాకా తెలిసిన వివరాలను బట్టి ఫిక్స్‌డ్ 10.5 నుంచి 11.5 లక్షలు ఆశిస్తున్నాను. వేరియబుల్, జాయినింగ్ బోనస్ దీనికి అదనం. పని పరిధి, బాధ్యతలు ఇంటర్వ్యూలో తెలిశాక చివరి అంకె మాట్లాడుకుందాం.’

ఇందులో కింది అంకె 10.5 ఊరికే పెట్టింది కాదు. శ్రేణి చెప్పగానే అవతలివాళ్లు పట్టుకునేది కింది అంకెనే. అందుకే నిజంగా ఒప్పుకుని చేరగలిగే జీతమే కింద ఉండాలి. మొహమాటపడి 9 నుంచి 12 అని రాస్తే 9 దగ్గరే బేరం మొదలవుతుంది. పై అంకె కూడా కిందిదానికి మరీ దూరంగా ఉండకూడదు. ‘పని పరిధి తెలిశాక’ అన్న మాటకూ ఉపయోగం ఉంది. ఇంటర్వ్యూలో ఆటోమేషన్ టీమ్‌ను నడిపించాలని తేలితే, మెయిల్‌లో అంకె ఇచ్చినప్పటి పని వేరు, ఇప్పటి పని వేరు అని ధైర్యంగా అడగవచ్చు.

ఆ 10.5 దగ్గరికి ఎలా రావాలి? ఇప్పటి జీతానికి 30 శాతం కలిపేసుకోవడం మన దగ్గర అలవాటు. ఇప్పుడు తక్కువ జీతంలో ఉన్నవాళ్లను ఆ లెక్క ఎప్పటికీ తక్కువలోనే ఉంచుతుంది. ఆ ఉద్యోగానికి బయట ఎంత ఇస్తున్నారన్నది అసలు కొలత. ఆంబిషన్‌బాక్స్, గ్లాస్‌డోర్ లాంటి సైట్లలో అంకెలు దొరుకుతాయి, కాకపోతే అవి ఉద్యోగులు తమంతట తాము రాసినవి, కొన్ని పాతవి. ఈ మధ్యే అదే కంపెనీలో చేరిన పాత సహోద్యోగిని ‘అక్కా, మీ లెవెల్‌లో ఫిక్స్‌డ్ ఎంత వరకు ఇస్తున్నారు?’ అని అడిగితే వచ్చే జవాబు వాటికన్నా ఎంతో నమ్మకమైనది.

కరెంట్ సీటీసీ గడిలో మాత్రం ఉన్నది ఉన్నట్టే రాయాలి. ఆఫర్‌కు ముందు మూడు నెలల పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, కొన్నిచోట్ల ఫారం 16 అడుగుతారు. పెంచి రాసిన అంకె అక్కడ బయటపడితే చేతికొచ్చిన ఆఫర్ పోతుంది. నౌకరీ ప్రొఫైల్‌లో ఒకటి, మెయిల్‌లో మరొకటి ఉన్నా రిక్రూటర్‌కు వెంటనే అనుమానం వస్తుంది. అయితే ఆ కాగితాలన్నీ తర్వాతి దశకు సంబంధించినవి. మొదటి ఇంటర్వ్యూ కూడా కాకముందే పే స్లిప్పులు, ఆధార్, పాన్ కాపీలు పంపమంటే పంపకూడదు. ‘ఎంపిక ఖరారయ్యాక ఇస్తాను’ అంటే సరిపోతుంది.

పాత జీతం అడగకూడదనే చట్టం మన దేశంలో లేదు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల పరిస్థితి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో 2018 నుంచి యజమానులు అభ్యర్థి పాత జీతం అడగకూడదు. ఆశిస్తున్నది ఎంతో మాత్రం అడగవచ్చు. 2023 నుంచి 15 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు ఉద్యోగ ప్రకటనలోనే జీతం శ్రేణి వేయాలి. అక్కడ ఈ మెయిల్ వస్తే ప్రకటన తెరిచి, అందులోని శ్రేణిలో తన అనుభవం ఎక్కడ సరిపోతుందో చూసి అంకె చెప్పుకోవచ్చు. యూరోపియన్ యూనియన్ కూడా 2023లో ఇలాంటి ఆదేశమే చేసింది. జీతం వివరాలు అభ్యర్థికి ముందుగానే చెప్పాలని, పాత జీతం అడగకూడదని అందులో ఉంది. సభ్య దేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవడానికి 2026 జూన్ 7 గడువు.

మన దగ్గర అలాంటి రక్షణ లేదు కాబట్టి రాతలో ఉన్నదే ఆధారం. ఫోన్‌లో రిక్రూటర్ ‘పదకొండు ఫిక్స్‌డ్ ఓకేనండీ’ అంటే, పెట్టేసిన వెంటనే అదే మెయిల్‌కు జవాబుగా ఆ మాట రాసి పంపాలి: ‘ఇప్పుడు మాట్లాడుకున్నట్టు ఫిక్స్‌డ్ 11 లక్షలు, వేరియబుల్ అదనం.’ ఆఫర్ లెటర్ వచ్చాక చూడాల్సింది మొదటి పేజీలోని పెద్ద అంకెను కాదు, చివరి పేజీల్లో ఉండే జీతం అనుబంధాన్ని. అక్కడి ఫిక్స్‌డ్ మెయిల్‌లోని 11 లక్షలతో కలవకపోతే, పాత కంపెనీలో రాజీనామా ఇవ్వకముందే అదే మెయిల్ మీద సరిచేయమని అడగాలి.