ఆరో బెడ్ ఇన్సులిన్

కింద పనిచేసేవాళ్లు తప్పు చేస్తే మనలో చాలామందికి ముందు నోటికొచ్చేది తప్పు కాదు, మనిషి. "నీకు డ్యూటీ మీద శ్రద్ధ లేదు, ఎప్పుడూ ఇంతే." విన్నవాళ్లు ఆ 'ఎప్పుడూ' దగ్గరే ఆగిపోయి, తాము బాగా చేసిన రోజులన్నీ లెక్కపెడతారు. అసలు విషయం పక్కకు పోతుంది.

అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ సంస్థ ఇందుకో పద్ధతి రూపొందించింది. ఎప్పుడు, ఎక్కడ జరిగిందో చెప్పాలి. అవతలివాళ్లు ఏం చేశారో చెప్పాలి. దానివల్ల ఏమైందో చెప్పాలి. వినడానికి ఇంతే. చిక్కంతా రెండోదానిలో ఉంది.

ఒక ఆసుపత్రి వార్డు అనుకుందాం. సాయంత్రం ఏడున్నరకు ఒక నర్సు ఆరో బెడ్ పేషెంటుకు ఇన్సులిన్ ఇచ్చింది. చార్టులో రాయలేదు. ఎనిమిదింటికి డ్యూటీ అప్పగించేటప్పుడు నోటితోనూ చెప్పలేదు. మర్నాడు ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఆమెను పక్క గదిలోకి పిలిచింది.

"నిన్న రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ అప్పగించావు కదమ్మా, దాని గురించే. ఆరో బెడ్‌కి ఇన్సులిన్ ఇచ్చినట్టు చార్టులో లేదు, నైట్ సిస్టర్‌కి నువ్వు చెప్పలేదు కూడా. ఆమె మళ్లీ ఇవ్వబోయింది. సిరంజి తీసుకుని బెడ్ దగ్గరికి వెళ్తే, ఇందాకే ఇచ్చారని పేషెంటు భార్య చెప్పబట్టి ఆగింది. రెండో డోసు పడి ఉంటే షుగర్ బాగా పడిపోయేది."

ఇందులో 'నిర్లక్ష్యం' అన్న మాట లేదు. అది ఇన్‌ఛార్జ్ తీసుకున్న తీర్పు అవుతుందే గానీ, కంటికి కనిపించిన పని కాదు. వార్డులో సీసీ కెమెరా ఉంటే అందులో ఏం కనబడేదో అంతే చెప్పాలి. చార్టు ఖాళీగా ఉండటం కనబడుతుంది, శ్రద్ధ లేకపోవడం కనబడదు. ఫలితం చెప్పేటప్పుడూ అంతే జాగ్రత్త కావాలి. "పేషెంటు చచ్చిపోయేవాడు" అని ఉంటే, ఆ నర్సు భయపడి ఏడ్చేది, లేదా అంత లేదని వాదించేది.

ఈ మూడూ చెప్పాక ఇన్‌ఛార్జ్ ఆగి, "ఆ టైంలో ఏం జరిగింది?" అని అడిగింది. చాలామంది ఎగ్గొట్టేది ఈ ప్రశ్ననే. అవతలివాళ్ల ఉద్దేశం మనకు తెలుసనే అనుకుంటాం. అందుకే ఆ సంస్థ తర్వాత ఉద్దేశం అడగడాన్నీ పద్ధతిలో కలిపింది.

"చార్టు రౌండ్స్‌లో డాక్టర్ గారి దగ్గరుంది మేడమ్. వచ్చాక రాద్దామనుకున్నా. ఈలోగా క్యాజువాలిటీ నుంచి కొత్త పేషెంటు వచ్చారు."

అంటే తప్పులో సగం నర్సుది, సగం చార్టు బెడ్ దగ్గర ఉండకపోవడానిది. చార్టు చేతిలో లేనప్పుడు ఇచ్చిన మందు టైంతో సహా నర్సింగ్ స్టేషన్ రిజిస్టరులో వెంటనే రాయడానికి ఆమె ఒప్పుకుంది. రౌండ్స్‌లో చార్టులు బెడ్ దాటి వెళ్లకుండా డాక్టరుతో మాట్లాడే పని ఇన్‌ఛార్జ్ తీసుకుంది.