పది నిమిషాల్లో పరిచయం

"హెచ్ఆర్ మేడమ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయారట. సార్‌ని స్టేజీ మీదకి నువ్వు పిలువు" అన్నారు మా మేనేజర్. ఆల్ హ్యాండ్స్ మీటింగుకి ఇంకా పది నిమిషాలే ఉంది. మాదాపూర్‌లోని ఆ కంపెనీలో చేరి నాకు ఎనిమిది నెలలు. ఫౌండర్‌తో అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

గబగబా కంపెనీ వెబ్‌సైట్ తెరిచాను. డిగ్రీలు, అవార్డులు, పెట్టుబడుల వివరాలు ఉన్నాయి. హాల్లో కూర్చున్న వాళ్లందరికీ అవి కంఠతా వచ్చు. బయటి సభలో వక్త ఎవరో చెప్పాలి. సొంత మనుషుల మధ్య ఆ అవసరం లేదు. నేను దగ్గరగా చూసిన విషయం ఏదైనా ఒకటుండాలి.

అప్పుడు గుర్తొచ్చింది. కిందటి నెల బిల్లింగ్ కోడ్‌లో రూపాయల్ని దశాంశ సంఖ్యలుగా మార్చాను. 0.10 లాంటి విలువ కంప్యూటర్ వాడే బైనరీలో కచ్చితంగా ఇమడదు. అందుకే వందల బిల్లులు కూడేసరికి ఒకటి రెండు పైసలు తేడా వచ్చింది. నేను తీసేసిన పాత కోడ్‌పైన ఈ కామెంటుంది:

```
// money in paise, never float
```

రూ.19.99ని 1999 పైసలుగా దాచమని దానర్థం. వెంటనే ల్యాప్‌టాప్‌లో ఆ ఫైలు పాత వెర్షన్ తీసి `git blame` కొట్టాను. అది ఒక్కో వరుసనీ చివరిసారి ఎవరు మార్చారో చూపిస్తుంది, మొదట ఎవరు రాశారో కాదు. అక్కడున్నది మా సీనియర్ పేరు. ఆయన వరుస ముందున్న ఖాళీలు సరిచేశారంతే. ఖాళీల మార్పుల్ని పట్టించుకోని `git blame -w` కొడితే ఫౌండర్ పేరొచ్చింది.

అయినా అడగకుండా చెప్పడం తప్పనిపించింది. మెట్ల దగ్గర ఆయన్ని ఆపి, "సార్, ఈ కామెంట్ మీదేనా?" అన్నాను. ఆయన ఫోన్ జేబులో పెట్టేసి నవ్వారు.

"రాసింది నేనేనమ్మా. నేర్పింది మాత్రం మా మొదటి కస్టమర్, కిరాణా షాపాయన. రోజూ రాత్రి గల్లాపెట్టె లెక్కకీ మా బిల్లులకీ పైసలు తేడా వస్తున్నాయని ఫోన్ చేసేవారు."

అడక్కపోయుంటే ఆ ఘనత మొత్తం ఆయనకే ఇచ్చేసి, కొట్టాయన్ని మర్చిపోయేవాళ్లం.

స్టేజీ మీద నిమిషం లోపే మాట్లాడాను. పేరు ఆఖరికి ఉంచాను, ఎందుకంటే పేరు వినగానే చప్పట్లు మొదలవుతాయి, ఆ తర్వాత ఏం చెప్పినా వినపడదు.

"కిందటి నెల నేను మన బిల్లుల్లో పైసల తేడా తెచ్చాను. నన్ను కాపాడింది పాత కోడ్‌లోని ఒక్క వరుస. దాన్ని రాయించింది ఒక కిరాణా షాపాయన ఫోన్లు. ఆ ఫోన్లు ఎత్తిన మనిషి ఈ రోజు మనతో మాట్లాడతారు" అని, ఆయన పేరు చెప్పి పక్కకి జరిగాను.

ఆయన మైకు అందుకున్నారు. చేతిలోని కాగితాలు బల్లమీద పెట్టేసి, ఆ షాపు ఏ సందులో ఉండేదో చెప్పడం మొదలుపెట్టారు.