రెంట్ టు ఓన్: అద్దెలో కలిసే ఇంటి డబ్బు ఎంత?

డాలస్ శివార్లలో అద్దెకుండే తెలుగు కుటుంబాలకు అప్పుడప్పుడు ఒక ప్రకటన కనిపిస్తుంటుంది: ‘అద్దె కడుతూనే ఇల్లు సొంతం చేసుకోండి.’ ఉద్యోగం బాగానే ఉన్నా అమెరికాలో క్రెడిట్ చరిత్ర ఇంకా నిలదొక్కుకోనివాళ్లకు, డౌన్ పేమెంట్ ఇంకా పోగుపడనివాళ్లకు ఇది ఆశగా కనిపిస్తుంది. ఆశ తప్పు కాదు గానీ, ఇందులో లెక్క కాస్త తిరకాసుగా ఉంటుంది.

ఈ ఒప్పందాలు రెండు రకాలు. లీజ్ ఆప్షన్‌లో గడువు లోపల ఇల్లు కొనే హక్కు మీకుంటుంది, కొని తీరాలన్న బాధ్యత ఉండదు. లీజ్ పర్చేజ్‌లో కొనడం కూడా మీ బాధ్యతే, వెనక్కి తగ్గితే యజమాని దావా వేయొచ్చు. ప్రకటనలో రెండింటికీ పేరు ఒకటే కాబట్టి కాగితం చూస్తే తప్ప తేడా తెలియదు. ఇక్కడ మొదటి రకం గురించే చెప్పుకుందాం.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఇంటి ధర 3 లక్షల డాలర్లు, గడువు రెండేళ్లు. సంతకం రోజే ఆప్షన్ ఫీజుగా 3 శాతం, అంటే 9,000 డాలర్లు కట్టారు. ఆ ధరకు మీకే అమ్ముతానని, రెండేళ్లు ఇంకెవరికీ అమ్మనని యజమాని ఇచ్చే మాటకు ఇది ఖరీదు. ఇల్లు కొంటే ధరలో తగ్గిస్తారు, కొనకపోతే మామూలుగా తిరిగి రాదు. ఆ వీధిలో అలాంటి ఇంటికి అద్దె 2,000 ఉంటే మీ దగ్గర 2,300 తీసుకుంటారు. అందులో నెలకు 500 ‘రెంట్ క్రెడిట్’ అని రాస్తారు. రెండేళ్లకు అది 12,000. ఆప్షన్ ఫీజుతో కలిపితే 21,000 డాలర్లు, ఇంటి ధరలో 7 శాతం జమైనట్టే అనిపిస్తుంది.

బ్యాంకు అలా అనుకోదు. ఇంటి లోన్లు కొనే ఫ్యానీ మే సంస్థ నిబంధనల ప్రకారం, మార్కెట్ అద్దె కంటే మీరు ఎక్కువ కట్టిన మొత్తాన్నే డౌన్ పేమెంట్‌గా లెక్కిస్తారు. మార్కెట్ అద్దె ఎంతో చెప్పేది అప్రైజర్. లెక్క చివరి 12 నెలల చెల్లింపులది, వాటికి చెక్కుల లాంటి రుజువులుండాలి. అంటే మన ఉదాహరణలో 12,000 కాస్తా 300 చొప్పున 12 నెలలకు 3,600 అవుతుంది. మిగతా 8,400ని యజమాని ధరలో తగ్గించొచ్చు, కానీ అది మీ జేబు నుంచి వచ్చిన డౌన్ పేమెంట్‌గా నిలబడదు. నగదుగా ఇచ్చి రసీదు కూడా లేకపోతే ఆ 3,600 కూడా అనుమానమే.

రెండేళ్ల తర్వాత లోన్ రాలేదనుకుందాం. పోయేది ఎంత? ఆప్షన్ ఫీజు 9,000, అద్దెకు మించి కట్టిన 300 చొప్పున 24 నెలలకు 7,200, మొత్తం 16,200 డాలర్లు. 21,000 పోయిందని బాధపడేవాళ్లున్నారు గానీ, నెలకు 200 ఎలాగూ ఆ ఇంట్లో ఉన్నందుకు కట్టాల్సిన అద్దే. అప్రైజల్‌లో ఇంటి విలువ 2,80,000 అని తేలినా చిక్కే. లోన్ ఆ విలువ మీదే ఇస్తారు, మిగతా తేడా మీరు తేవాలి, లేదా యజమాని ధర దించాలి.

డబ్బు నిశ్శబ్దంగా జారిపోయే చోటు ఇంకోటుంది. ‘అద్దె 5వ తేదీ దాటితే ఆ నెల క్రెడిట్ రద్దు’ అని ఒక వాక్యం లోపలి పేజీల్లో ఉంటుంది. 6వ తేదీన అద్దె అందితే ఆ నెల 500 పోయినట్టే. కొందరైతే ఒక్కసారి ఆలస్యమైనా ఆప్షనే రద్దని రాస్తారు. టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 5వ అధ్యాయం ఈ ఒప్పందాల్లో ఆలస్యపు చెల్లింపు సాకుతో ఆప్షన్ ఫీజు జప్తు చేసే షరతును ఒప్పుకోదు. ఇతర రాష్ట్రాల్లో చట్టం వేరుగా ఉండొచ్చు. రిపేర్ల షరతూ చూడాలి: ‘ఇల్లు ఎలాగూ మీదే కదా’ అంటూ ఏసీ, పైకప్పు ఖర్చంతా అద్దెదారు మీద వేసే ఒప్పందాలున్నాయి.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మీ తప్పు లేకుండానే తగలొచ్చు. ఇంటి మీద యజమానికి పాత లోన్ ఉందనుకోండి. మీరు అద్దె సక్రమంగా కడుతున్నా ఆయన బ్యాంకుకు వాయిదాలు ఎగ్గొడితే ఇల్లు వేలానికి వెళ్తుంది. బ్యాంకు లోన్ ముందుది కాబట్టి, దాంతోపాటు మీ ఆప్షన్ కూడా చెరిగిపోతుంది. అందుకే సంతకానికి ముందే టైటిల్ కంపెనీతో ఆ ఇంటి మీద ఉన్న లోన్లు, పన్ను బకాయిలు వెతికించాలి. లాయర్ చేత ఆప్షన్ మెమోరాండం రాయించి కౌంటీ క్లర్క్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తే, ఆ తర్వాత యజమాని ఇంకొకరికి అమ్మినా, కొత్త అప్పు తెచ్చినా మీ హక్కు రికార్డులో ముందుంటుంది. పాత లోన్ నుంచి మాత్రం ఆ కాగితం కాపాడదు. ఆ వాయిదాలు కడుతున్నట్టు నెలనెలా రుజువు చూపించాలన్న షరతు ఒప్పందంలో ఉండాలి. యజమాని దానికి ఒప్పుకోకపోతే, 9,000 చేతులు మారకముందే వేరే ఇల్లు చూసుకోవడం చవక.