అడ్డం కూడినా, నిలువు కూడినా

విజయవాడ కేంద్రంగా సబ్బులు, నూనెలు, టీ పొడి సరఫరా చేసే ఒక డిస్ట్రిబ్యూటర్ ఉన్నాడనుకుందాం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఏ ఏరియాలో ఎంత అమ్మాడో పట్టిక వేసి కంపెనీకి పంపాలి. నాలుగు ఏరియాలు, మూడు నెలలు. మొత్తం పన్నెండు గడులు.

| ఏరియా | ఏప్రిల్ | మే | జూన్ | మొత్తం |
|---|---|---|---|---|
| విజయవాడ | 4,82,600 | 5,14,300 | 4,96,100 | 14,93,000 |
| గుంటూరు | 3,47,500 | 3,26,800 | 3,58,200 | 10,32,500 |
| ఏలూరు | 2,18,400 | 2,35,700 | 2,41,900 | 6,96,000 |
| ఒంగోలు | 1,94,200 | 2,07,600 | 1,89,300 | 5,91,100 |
| మొత్తం | 12,42,700 | 12,84,400 | 12,85,500 | 38,12,600 |

కుడి చివర నిలువుగా ఉన్న నాలుగు ఏరియాల మొత్తాలు కూడితే 38,12,600 వస్తుంది. కింద అడ్డంగా ఉన్న మూడు నెలల మొత్తాలు కూడినా అంతే వస్తుంది. రావాల్సిందే, ఎందుకంటే రెండు దారుల్లోనూ కూడేది అవే పన్నెండు గడులు. ప్రతి గడీ ఒక ఏరియా మొత్తంలో ఒకసారి, ఒక నెల మొత్తంలో ఒకసారి పడుతుంది. రెండు దారులూ వచ్చి కలిసే మూల గడిలో తేడా కనిపించిందంటే, మధ్యలో ఏదో కూడిక తప్పినట్టే. క్రాస్ టోటల్ చూడడమంటే ఇదే.

కాలిక్యులేటర్‌తో, కాగితం మీద లెక్క వేసిన రోజుల్లో ఇది చాలా తప్పుల్ని పట్టేది. కూడేటప్పుడు ఒక అంకె వదిలేసినా, పై స్థానానికి వేయాల్సిన ఒకటి మరిచిపోయినా ఒక వైపు మొత్తమే తప్పుతుంది, రెండోది నిలబడుతుంది. ఎక్సెల్ వచ్చాక కూడే పని మనిషి చేతిలోంచి పోయింది. దాంతో ఈ పరీక్ష పట్టే తప్పులూ మారాయి. ఈ మార్పును చాలా ఆఫీసులు గమనించలేదు. మూల గడి టాలీ అయిందని సంతకం పెట్టేసి, తప్పుడు పట్టిక పంపేస్తున్నది అందుకే.

ఏలూరు మే గడినే చూద్దాం. బిల్లుల లెక్క ప్రకారం అక్కడ 2,35,700 ఉండాలి. టైప్ చేసే వ్యక్తి చేతిలో 3, 5 తారుమారై 2,53,700 పడిందనుకోండి. ఏలూరు వరుస మొత్తం 7,14,000 అవుతుంది. మే నెల మొత్తం 13,02,400 అవుతుంది. ఇక మూల గడి? అడ్డం కూడినా 38,30,600, నిలువు కూడినా 38,30,600. రెండూ ముచ్చటగా కలిసిపోయాయి. తప్పు అంకె రెండు వైపులా ఒకే విధంగా దూరింది కాబట్టి ఏ వైపూ రెండోదాన్ని పట్టించలేదు.

కాబట్టి పట్టికను దానితోనే పోల్చుకుంటే చాలదు. ఏరియా మొత్తాలు ఒక చోటి నుంచి, నెల మొత్తాలు ఇంకో చోటి నుంచి రావాలి. డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఈ రెండూ ఎలాగూ ఉంటాయి. ఒక్కో ఏరియాకు రాసే లెడ్జర్‌లో ఆ ఏరియా మూడు నెలల మొత్తం దొరుకుతుంది. తేదీల క్రమంలో బిల్లులన్నీ ఎక్కే సేల్స్ రిజిస్టర్‌లో నెల మొత్తం దొరుకుతుంది. వీటిని పట్టిక పక్కన, కింద విడిగా టైప్ చేసి తేడా తీయాలి. ఇక్కడ ఫార్ములా పెట్టకూడదు. పెడితే పట్టిక మళ్లీ తన మాటకు తానే సాక్ష్యం చెప్పినట్టవుతుంది.

అలా చేస్తే ఏలూరు తప్పు తనంతట తానే బయటపడుతుంది. లెడ్జర్ ప్రకారం ఏలూరు 6,96,000, పట్టికలో 7,14,000. తేడా 18,000. రిజిస్టర్ ప్రకారం మే 12,84,400, పట్టికలో 13,02,400. తేడా మళ్లీ 18,000. మిగతా మూడు ఏరియాల్లో, మిగతా రెండు నెలల్లో తేడా లేదు. ఏలూరు వరుస మీదుగా ఒక గీత, మే మీదుగా ఒక గీత గీస్తే అవి ఖండించుకునే గడిలోనే తప్పుంది. పన్నెండు గడుల బిల్లులూ తిరగేయనక్కర్లేదు.

ఆ తేడా ఇంకో సంగతి కూడా చెబుతుంది. 18,000ను 9తో భాగిస్తే శేషం లేకుండా 2,000 వస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9తో భాగింపబడుతుంది. భాగఫలంలోని 2 ఆ రెండు అంకెల మధ్య తేడా. పక్కనున్న సున్నాలు ఏ స్థానంలో తారుమారయ్యాయో చూపిస్తాయి. అంటే వేల స్థానంలోనూ పదివేల స్థానంలోనూ రెండు తేడాతో ఉన్న అంకెల కోసం వెతకాలి. 35, 53 సరిగ్గా అలాంటివే. అయితే 9తో భాగింపబడిన ప్రతి తేడా అంకెల తారుమారే అనుకోకూడదు. చివర ఒక సున్నా ఎగిరిపోయి 2,07,600 కాస్తా 20,760 అయినా తేడా 9తో భాగింపబడుతుంది. వేరే కారణంతోనూ తేడా అలా పడొచ్చు. ఇది వెతకడానికి దారి మాత్రమే, రుజువు బిల్లుల్లో దొరకాలి.

కొన్నిసార్లు తేడాలు జంటగా వస్తాయి. గుంటూరు వరుసలో 26,400 తక్కువ, ఏలూరు వరుసలో అంతే ఎక్కువ, నెలల మొత్తాలన్నీ సరిగ్గా ఉన్నాయనుకుందాం. గుంటూరు అమ్మకం ఏలూరు గడిలో పడిందన్నమాట. నెల మారలేదు, ఏరియా మారింది. అందుకే నిలువు మొత్తాలకు అది తగల్లేదు. ఇక్కడ ఏ నెలో పట్టికను బట్టి తెలియదు, ఆ రెండు ఏరియాల మూడు నెలలూ చూడాల్సిందే.

ఇప్పుడు ఎక్సెల్ సంగతి. పేర్లు A కాలమ్‌లో, నెలలు B, C, D కాలమ్‌లలో, ఏరియా మొత్తం E కాలమ్‌లో, ఏరియాలు 2 నుంచి 5 వరుసల్లో, నెల మొత్తాలు 6వ వరుసలో ఉంటే ఏరియా మొత్తం, నెల మొత్తం, క్రాస్ టోటల్ తేడా ఈ క్రమంలో ఇలా వస్తాయి:

```
=SUM(B2:D2)
=SUM(B2:B5)
=ROUND(SUM(E2:E5)-SUM(B6:D6),2)
```

మూడోది సున్నా చూపించాలి. పైసలతో ఉన్న లెక్కల్లో కంప్యూటర్ లోపల అతి సూక్ష్మమైన దశాంశ శేషాలు మిగిలిపోతాయి కాబట్టి `ROUND` ఉండాలి. లేకపోతే సరైన పట్టికకు కూడా సున్నా రాకపోవచ్చు.

జూన్‌లో మచిలీపట్నం కొత్త ఏరియాగా చేరి, 1,12,400 అమ్మకం జరిగిందనుకుందాం. మొత్తాల వరుసకు పైన, ఒంగోలు కింద ఒక వరుస చొప్పించి అంకె వేస్తారు. ఇలా శ్రేణి చివర, దానికి బయట చేర్చిన వరుసను `SUM` చాలాసార్లు తనలో కలుపుకోదు. ఫార్ములా ఇంకా `B2:B5` దగ్గరే ఆగిపోతుంది. నెలల మొత్తాల్లో మచిలీపట్నం లేదు, E కాలమ్ కూడికలోనూ లేదు. రెండు దారులూ 38,12,600 అంటాయి, తేడా గడి సున్నా అంటుంది. అసలు అమ్మకం 39,25,000. సేల్స్ రిజిస్టర్‌లో జూన్ 13,97,900 ఉండగా పట్టికలో 12,85,500 దగ్గరే ఉండడం చూస్తేనే సంగతి బయటపడుతుంది.

శ్రేణి పొరపాటు పెద్దవాళ్లకూ జరిగింది. హార్వర్డ్ ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ ప్రభుత్వ అప్పులకూ ఆర్థిక వృద్ధికీ ఉన్న సంబంధం మీద 2010లో ప్రచురించిన పత్రంలో ఒక సగటు 49వ వరుస దాకా పోవాల్సింది 44వ వరుస దగ్గరే ఆగింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోంచి జారిపోయాయి. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హెర్స్ట్‌లో విద్యార్థిగా ఉన్న థామస్ హెర్న్‌డన్, ఆయన అధ్యాపకులు 2013లో దాన్ని బయటపెట్టారు. ఆ పత్రం మీద వాళ్లు ఎత్తి చూపిన లోపాల్లో ఇది ఒకటి మాత్రమే. అయినా దాన్ని కనిపెట్టడానికి అసలు షీటు వాళ్ల చేతికి రావాల్సి వచ్చింది.

దీనికి తేలికైన జాగ్రత్త ఒకటుంది. చివరి ఏరియాకూ మొత్తాల వరుసకూ మధ్య ఒక ఖాళీ వరుస వదిలి, ఫార్ములాను ఆ ఖాళీ వరుస దాకా, `B2:B6` అని రాయాలి. కొత్త ఏరియాను ఎప్పుడూ ఖాళీ వరుసకు పైనే చొప్పించాలి. అప్పుడు అది శ్రేణి లోపల పడుతుంది, శ్రేణి తనంతట తాను పెరుగుతుంది.

వేరే సాఫ్ట్‌వేర్ నుంచో, మెసేజ్ నుంచో కాపీ చేసి తెచ్చిన అంకెల్లో కొన్ని అంకెలుగా కాకుండా అక్షరాలుగా కూర్చుంటాయి. కంటికి 2,07,600 కనిపిస్తుంది, `SUM` మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఏరియా మొత్తంలోనూ నెల మొత్తంలోనూ అది రాదు కాబట్టి మళ్లీ రెండు వైపులూ కలిసిపోతాయి. సాధారణంగా అలాంటి అంకె గడిలో ఎడమవైపు జరిగి ఉంటుంది. అనుమానం వస్తే ఒక పక్క గడిలో `=COUNT(B2:D5)` వేస్తే చాలు. మన పట్టికకు 12 రావాలి, 11 వస్తే ఒకటి అక్షరాల్లో దాక్కుంది.

తప్పు లేకపోయినా టాలీ కాని సందర్భమూ ఒకటుంది. పట్టికను లక్షల్లో, ఒక దశాంశానికి కుదించి వేస్తే గుంటూరు వరుస 3.5, 3.3, 3.6 అవుతుంది. కూడితే 10.4. కానీ అసలు మొత్తం 10,32,500ను కుదిస్తే 10.3 వస్తుంది. చదివేవాళ్లు కాలిక్యులేటర్ తీసి తప్పు అంటారు. ఇక్కడ కొందరు 3.6ను 3.5గా దిద్ది వరుసను సరిపెడతారు. అలా చేస్తే జూన్ 12.9 బదులు 12.8 అవుతుంది, ఆ దిద్దుబాటు ఇంకో చోట దిద్దుబాటు అడుగుతుంది. గడులను ముట్టుకోకుండా, కుదింపు వల్ల మొత్తాల్లో స్వల్ప తేడా రావచ్చని పట్టిక కింద ఒక గమనిక వేయడమే నిజాయితీ. ఆ స్వల్పానికీ హద్దుంది. ఒక్కో అంకె కుదింపులో ఎక్కువలో ఎక్కువ 0.05 పోతుంది. మూడు గడులు, ఒక మొత్తం కలిపి 0.2 దాటకూడదు. 0.3 తేడా కనిపిస్తే అది కుదింపు పని కాదు.

అన్నీ కలిశాక కూడా ఒక తప్పు తప్పించుకోగలదు. ఒంగోలు షాపు బిల్లును కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడే గుంటూరు ఏరియా కింద వేసి ఉంటే గుంటూరు లెడ్జర్‌లో అదే ఉంటుంది, రిజిస్టర్‌లో నెల సరిగ్గానే ఉంటుంది, పట్టిక రెండింటితోనూ కలుస్తుంది. దాన్ని పట్టాలంటే ఒక్కో ఏరియా నుంచి కొన్ని బిల్లులు తీసి, వాటి మీదున్న షాపు చిరునామాను ఏరియాతో సరిచూడాలి.