ధర పెరిగింది, డబ్బు తగ్గింది

లండన్ ఈస్ట్ హామ్‌లో ఉండే ఒక తెలుగు ఉద్యోగి బ్రిటిష్ కంపెనీ షేరు పెరుగుతుందని అంచనా వేశాడనుకుందాం. 10 పౌండ్ల దగ్గర కొన్నాడు. ఆరు నెలల తర్వాత 10.30 దగ్గర అమ్మేశాడు. అంచనా తప్పలేదు, షేరు 3 శాతం పెరిగింది. అయినా ఖాతాలో మొదట వేసినదానికంటే 45 పౌండ్లు తక్కువే మిగిలాయి. ఎవరూ మోసం చేయలేదు, లెక్కలో పొరపాటూ లేదు. అతను కొన్నది షేరు కాదు, ఆ షేరు మీద ఒక సీఎఫ్‌డీ. అంటే కాంట్రాక్ట్ ఫర్ డిఫరెన్స్.

పేరులో ఉన్నట్టే ఇది తేడా మీద ఒప్పందం. షేరు మీ పేరున రాదు, ఓటు హక్కు ఉండదు. ఒప్పందం మొదలైనప్పటి ధరకూ ముగిసినప్పటి ధరకూ మధ్య ఉన్న తేడాను మీరూ బ్రోకరూ లెక్క చూసుకుంటారు. పెరుగుతుందనుకుంటే లాంగ్, పడుతుందనుకుంటే షార్ట్. షేర్లే కాదు, బంగారం, ముడిచమురు, కరెన్సీలు, సూచీలు, క్రిప్టో, వేటి మీదైనా ఇలాంటి ఒప్పందం కుదుర్చుకోవచ్చు. మన స్టాక్ మార్కెట్‌లోని ఫ్యూచర్స్‌కు గడువు తేదీ ఉంటుంది. షేర్ల సీఎఫ్‌డీలకు మామూలుగా అలాంటి తేదీ ఉండదు. మీరు మూసేదాకా, లేదా బ్రోకరు మూయించేదాకా నడుస్తూనే ఉంటుంది.

ఇవి పుట్టింది 1990ల తొలి సంవత్సరాల్లో, లండన్‌లోనే. బ్రిటన్‌లో షేరు కొంటే విలువలో అర శాతం స్టాంప్ డ్యూటీ కట్టాలి. షేరును చేతిలోకి తీసుకోకుండా ధరలో వచ్చే తేడాను మాత్రం తీసుకుంటే ఆ పన్ను పడదు. పెద్ద ఫండ్లు మొదట అందుకే వీటిని వాడుకున్నాయి. ఆ దశాబ్దం చివరికల్లా ఇవి మామూలు మదుపరుల దాకా వచ్చాయి, ఇంటర్నెట్ వచ్చాక కంప్యూటర్ తెరమీదికీ చేరాయి. పన్ను లేదన్న మాట ఇప్పటికీ ప్రచారంలో ముందు వరసలోనే ఉంటుంది.

ఇప్పుడు మన ఉద్యోగి లెక్క. అతను 1,000 షేర్ల మీద పొజిషన్ తీసుకున్నాడు, మొత్తం విలువ 10,000 పౌండ్లు. చేతి నుంచి పెట్టింది మాత్రం 2,000. యూరప్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఈఎస్ఎంఏ 2018లో పెట్టిన హద్దుల ప్రకారం చిన్న మదుపరి ఒక్కో కంపెనీ షేరు మీద తన డబ్బుకు ఐదు రెట్లకు మించి పొజిషన్ తీసుకోకూడదు. ముఖ్యమైన కరెన్సీ జంటల మీద 30 రెట్లు, బంగారం మీద 20, క్రిప్టో మీద 2. బ్రిటన్ నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ 2019లో దాదాపు ఇవే హద్దులను శాశ్వతం చేసింది. ఐదు రెట్లంటే షేరు ఒక శాతం కదిలినప్పుడు మన ఉద్యోగి సొంత డబ్బు 5 శాతం కదులుతుంది, పైకైనా కిందికైనా.

అదే నిబంధనల్లో ఇంకొకటి ఉంది. ఖాతాలో మిగిలిన డబ్బు, పొజిషన్లకు కావలసిన మార్జిన్‌లో సగానికి పడిపోతే బ్రోకరు వాటిని మూసేయడం మొదలుపెట్టాలి. ఇతని విషయంలో ఆ గీత 1,000 పౌండ్ల దగ్గర ఉంది. షేరు సుమారు 10 శాతం పడితే అక్కడికి చేరుకుంటాడు. కొన్న రోజున అతని మనసులో ఉన్న లెక్క కూడా ఇదే: ‘పది శాతం దాకా తట్టుకోగలను.’

రాత్రి పది అయ్యేసరికి ఈ లెక్క మారడం మొదలవుతుంది. లండన్‌లో చాలా బ్రోకర్లు ఆ గంటను హద్దుగా పెట్టుకున్నారు. అప్పటికి తెరిచి ఉన్న ప్రతి లాంగ్ పొజిషన్ మీదా ఒక రోజు వడ్డీ పడుతుంది. దీన్ని ఓవర్‌నైట్ ఫండింగ్ అంటారు, కరెన్సీ వాళ్లు స్వాప్ అంటారు. బ్యాంకుల మధ్య నడిచే ఒక్క రాత్రి వడ్డీ రేటుకు (పౌండ్లలో అయితే సోనియా) బ్రోకరు తన వాటా కలుపుతాడు. ఆ రేటు 4 శాతం, వాటా రెండున్నర శాతం అనుకుంటే ఏడాదికి ఆరున్నర. వినడానికి మరీ ఎక్కువేమీ కాదు.

అది దేని మీద వేస్తారన్నదే అసలు సంగతి. అతను పెట్టిన 2,000 మీద కాదు, అప్పుగా తీసుకున్నట్టు కనిపించే 8,000 మీద కూడా కాదు, మొత్తం 10,000 మీద. మన దగ్గర బ్రోకర్లు ఇచ్చే మార్జిన్ ట్రేడింగ్ సదుపాయంలో బ్రోకరు సర్దిన మొత్తానికే వడ్డీ పడుతుంది. సీఎఫ్‌డీలో మామూలుగా అలా ఉండదు. బ్రిటన్‌లో చిన్న మదుపరి కట్టిన మార్జిన్‌ను బ్రోకరు తన సొమ్ముతో కలపకుండా విడిగా ఉంచాలి. దాంతో షేర్లు కొనడానికి లేదు కాబట్టి, పొజిషన్ మొత్తానికీ డబ్బు సమకూర్చేది తామేనని వాళ్ల వాదన. ఈ వాదనలో కొంత న్యాయం ఉంది. కానీ మదుపరి వైపు నుంచి చూస్తే 8,000 అప్పుకు ఏడాదికి 650 పౌండ్లు, అంటే ఎనిమిది శాతం పైనే. తన సొంత 2,000 మీద చూసుకుంటే 32 శాతం దాటింది. ఐదు రెట్ల లీవరేజ్ లాభనష్టాలనే కాదు, వడ్డీని కూడా అతని డబ్బు మీద ఐదు రెట్లు చేసింది.

రోజుకు పడేది 1 పౌండ్ 78 పెన్స్. అంత చిన్న మొత్తం మీదికి కన్ను పోదు. ఆగి ఉన్న ఆటోలో వెయిటింగ్ మీటరు లాగా అది తిరుగుతూనే ఉంటుంది. మామూలుగా షేరే కొని ఉంటే స్టాంప్ డ్యూటీ 50 పౌండ్లు, అది ఒక్కసారితో సరి. ఇక్కడ ఆ 50 పౌండ్లు 28 రాత్రుల్లో వడ్డీగా వెళ్లిపోతాయి. పన్ను ఆదా అన్నది నెల తిరిగేలోపే హరించుకుపోతుంది. ఆ తర్వాత గడిచే ప్రతి రాత్రీ అదనపు ఖర్చే. ఆరు నెలలకు వడ్డీ సుమారు 325, కొన్నప్పుడూ అమ్మినప్పుడూ పదేసి పౌండ్ల చొప్పున కమిషన్ 20. లాభం 300 లోంచి 345 తీసేస్తే మొదట చెప్పిన 45 పౌండ్ల నష్టం తేలుతుంది.

నాకు ఇంతకంటే కీలకంగా అనిపించే సంగతి వేరే ఉంది. వడ్డీ ఎప్పుడో చివర్లో వసూలు చేసేది కాదు, రోజూ ఖాతాలోంచే కోస్తారు. అంటే నష్టాన్ని తట్టుకోవడానికి ఉంచుకున్న సొమ్మే కరిగిపోతుంటుంది. ఆరు నెలల్లో షేరు అసలు కదలకుండా 10 పౌండ్ల దగ్గరే నిలిచిందనుకోండి. ఖాతాలో 2,000 కాస్తా 1,665 అవుతుంది. మూసివేత గీత మాత్రం 1,000 దగ్గరే ఉంది. మొదటి రోజు పది శాతం తట్టుకోగలిగిన మనిషి ఇప్పుడు ఆరున్నర శాతం చిల్లర పడితే బయటికి వచ్చేస్తాడు. ఏ షేరుకైనా అరేడు శాతం పడి లేవడం మామూలే. తర్వాత అది లేచినా అప్పటికి ఇతని చేతిలో పొజిషన్ ఉండదు. ‘కొంచెం ఓపిక పడితే వస్తుంది’ అనే మాట సొంత డబ్బుతో షేరు కొన్నవాడికి పనికిరావచ్చు. ఇక్కడ ఆ ఓపికకు రోజువారీ అద్దె ఉంది.

షార్ట్ వైపు లెక్క తిరగబడుతుంది, కానీ పూర్తిగా కాదు. లాంగ్ వాళ్లు రేటుకు వాటా కలిపి కడితే, షార్ట్ వాళ్లకు రేటులోంచి వాటా తీసేసి ఇస్తారు. పై అంకెలతో అయితే ఏడాదికి ఒకటిన్నర శాతం చేతికి వస్తుంది. బ్రిటన్‌లో బ్యాంక్ రేటు 0.1 శాతానికి పడిపోయిన 2020, 2021ల్లో మాత్రం షార్ట్ వాళ్లు కూడా ఎదురు కట్టాల్సి వచ్చింది. పైగా అరువుకు దొరకని షేరైతే దాని అరువు ఖర్చూ మీదే. డివిడెండ్ తేదీ దాటితే లాంగ్ వాళ్ల ఖాతాలో ఆ మొత్తం వేస్తారు, షార్ట్ వాళ్ల ఖాతాలోంచి తీస్తారు.

కొందరు నష్టం కనిపించగానే ఉన్న లాంగ్‌కు ఎదురుగా అంతే షార్ట్ తెరిచి, ‘లాక్ చేశాం’ అనుకుని నిద్రపోతారు. ధర ఎటు పోయినా ఇక ఏమీ కాదు, నిజమే. కానీ ఒకవైపు ఆరున్నర కడుతూ మరోవైపు ఒకటిన్నర తీసుకుంటున్నారు. 10,000 పౌండ్ల మీద ఏడాదికి 500 పౌండ్లు ఊరికే పోతాయి. రెండూ మూసేసి కూర్చుంటే ఫలితం అదే, ఖర్చు సున్నా.

వారాంతపు రాత్రుల సంగతి కూడా తెలిసి ఉండాలి. శని, ఆదివారాలు మార్కెట్ మూసి ఉన్నా వడ్డీ ఆగదు. షేర్ల మీద శుక్రవారం రాత్రి మూడు రోజులది ఒకేసారి పడుతుంది. కరెన్సీల్లో చాలావరకు బుధవారం రాత్రి పడుతుంది. అక్కడ లెక్క తీరడానికి రెండు పనిదినాలు కాబట్టి, బుధవారం దాటిన పొజిషన్ శుక్రవారం నుంచి సోమవారానికి జరుగుతుంది. గల్ఫ్‌లో బాగా కనిపించే ‘స్వాప్ లేని’ ఖాతాల్లో వడ్డీ అన్న పేరు ఉండదు. కొన్ని రాత్రులు దాటాక నిర్వహణ రుసుమో, కొనుగోలు అమ్మకం ధరల మధ్య కాస్త ఎక్కువ ఎడమో ఆ పని చేస్తుంది.

ఇదంతా రహస్యమేమీ కాదు, కాకపోతే కంటికి ఎదురుగా ఉండదు. ఆర్డర్ పెట్టే చోట ధర, మార్జిన్ పెద్ద అక్షరాల్లో ఉంటాయి. మెటాట్రేడర్ 5 వాడేవాళ్లు ఆ సరుకు పేరు మీద నొక్కి Specification తెరిస్తే Swap long, Swap short అని రెండు గడులు కనిపిస్తాయి. వాటిలో అంకె పాయింట్లలో ఉండవచ్చు, డబ్బులో ఉండవచ్చు. చూడగానే ఎంతో అర్థం కాదు. దానికంటే తేలిక దారి ఒకటుంది. ఒక మామూలు రాత్రి ఖాతాలోంచి ఎంత పోయిందో చూసి 365తో గుణించి, పొజిషన్ మొత్తం విలువతో భాగించాలి. మన ఉద్యోగికి 1.78ని అలా చేస్తే ఆరున్నర శాతం వస్తుంది. తర్వాత 10,000 బదులు తను పెట్టిన 2,000తో భాగించి చూడాలి. ఆ రెండో అంకె చూశాక కూడా ఆరు నెలలు ఉంచుకోవాలనిపిస్తే అది అతని ఇష్టం.

ఉదయం తెరిచి సాయంత్రం మూసేవాళ్లకు ఈ వడ్డీ పడదు. వాళ్లను తినేది స్ప్రెడ్, కమిషన్, తొందరపాటు. హద్దులు పెట్టినప్పుడు ఈఎస్ఎంఏ చెప్పిన ప్రకారం చిన్న మదుపరుల ఖాతాల్లో 74 నుంచి 89 శాతం నష్టపోతున్నాయి. అందుకే బ్రిటన్, యూరప్‌లలో ప్రతి బ్రోకరూ తన ఖాతాదారుల్లో ఎంత శాతం నష్టపోయారో ప్రకటనలోనే రాయాలి. అమెరికాలో మామూలు మదుపరులకు వీటిని అమ్మడానికి అసలు వీల్లేదు.

మన ఎక్స్ఛేంజీల్లో సీఎఫ్‌డీలు లేవు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని విదేశీ యాప్‌లో వీటికి డబ్బు కట్టడం చట్టం ఒప్పుకునే పని కాదు. విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఎల్ఆర్ఎస్ వెసులుబాటు విదేశాల్లో మార్జిన్ కట్టడానికి వర్తించదు. అనుమతి లేని ఫారెక్స్ వేదికల పేర్లతో ఆ బ్యాంకు 2022 నుంచి తన వెబ్‌సైట్‌లో ఒక హెచ్చరిక జాబితా ఉంచుతోంది. అందులో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని కూడా చెప్పింది. డబ్బు యూపీఐలో ఎవరో వ్యక్తి ఖాతాకు పంపమన్నారంటే స్వాప్ రేటు గురించి ఆలోచించాల్సిన పనే లేదు. అక్కడ సమస్య వడ్డీ కాదు, అసలే.