మీకు తెలుసా? ఇనుము పెంచినా పగులు పెద్దదవుతుంది

ఒక బీమ్ అడుగున మూడు 20 మి.మీ. కడ్డీలు వేయాలని డ్రాయింగ్‌లో ఉంది. సైట్లో 20 అయిపోయింది, 25 ఉంది. మూడు 20ల వైశాల్యం 942 చదరపు మి.మీ., రెండు 25లది 982. ఇనుము తగ్గడం లేదు, పైగా నాలుగు శాతం పెరుగుతోంది. బలం లెక్కలోనూ బీమ్‌కు లోటు రాదు. అందుకే ఈ మార్పుకు చాలాచోట్ల ఇట్టే ఒప్పుకుంటారు. కానీ అదే బరువు కింద ఆ బీమ్ అడుగున పగులు దాదాపు మూడో వంతు ఎక్కువ వెడల్పుతో తెరుచుకుంటుంది!

పగులు రావడమే తప్పు కదా అంటారా? కాదు. 300 మి.మీ. వెడల్పు, 500 మి.మీ. లోతు ఉన్న ఎం25 బీమ్‌ను తీసుకోండి. వంగినప్పుడు ఆ కాంక్రీటు చదరపు మి.మీ.కు సుమారు 3.5 న్యూటన్ల లాగుడు దగ్గర చిట్లుతుంది. అంటే బెండింగ్ మొమెంట్ 44 కిలోన్యూటన్ మీటర్లకు చేరితే చాలు. ఆ క్షణంలో ఇనుము మీద ఉన్న ఒత్తిడి చదరపు మి.మీ.కు 30 న్యూటన్లు కూడా ఉండదు. వాడకంలో ఈ బీమ్ మోయాల్సిన మొమెంట్ 100 కిలోన్యూటన్ మీటర్లు అనుకుందాం. పగలకుండా అంత మోయడం దాని వల్ల కాదు. కాంక్రీటు పగిలాకే ఇనుము అసలు పని మొదలుపెడుతుంది. కాబట్టి చూడాల్సింది పగులు వెడల్పు. మన ఐఎస్ 456 మామూలు చోట్ల 0.3 మి.మీ. వరకు ఒప్పుకుంటుంది. ఎప్పుడూ తేమ తగిలే భాగాలకూ, మట్టినీ భూగర్భజలాన్నీ ఆనుకున్న భాగాలకూ 0.2 దాటకూడదు. తీవ్రమైన వాతావరణంలో 0.1 దాటకూడదు.

ఆ వెడల్పును తేల్చేవి ముఖ్యంగా రెండు. ఒకటి, రోజువారీ బరువు కింద ఇనుము ఎంత సాగింది. రెండోది, మనం చూస్తున్న చోటు నుంచి దగ్గరి కడ్డీ ఎంత దూరంలో ఉంది. కడ్డీని అంటుకుని ఉన్న కాంక్రీటును కడ్డీ పట్టి ఉంచుతుంది, అక్కడ పగులు సన్నగా ఉంటుంది. కడ్డీకి దూరంగా జరిగేకొద్దీ ఆ పట్టు సడలుతుంది, పగులు నోరు తెరుస్తుంది. ఐఎస్ 456 అనుబంధం ఎఫ్‌లో ఉన్న సూత్రం సారమంతా ఇదే.

పై రెండు బీమ్‌లకూ ఆ లెక్క వేసి చూద్దాం. కవర్ 30 మి.మీ., రింగు 8 మి.మీ.. అంటే ప్రధాన కడ్డీ మీద 38 మి.మీ. కాంక్రీటు ఉంటుంది. ఇక్కడ చూడాల్సింది భద్రతా గుణకాలు కలిపిన బరువు కాదు, ఉన్న బరువు. పగిలిన సెక్షన్‌కు మాడ్యులర్ రేషియో 11 తీసుకుంటే, రెండు 25ల బీమ్‌లో న్యూట్రల్ యాక్సిస్ పై నుంచి 147 మి.మీ. దగ్గర పడుతుంది. లీవర్ ఆర్మ్ 400 మి.మీ.. మొమెంట్‌ను లీవర్ ఆర్మ్‌తోనూ ఇనుము వైశాల్యంతోనూ భాగిస్తే ఇనుము మీద ఒత్తిడి 254 వస్తుంది. మూడు 20లకు అదే 263. అంటే 25ల ఇనుమే కాస్త తేలికగా ఉంది. కానీ 25ల మధ్య ఖాళీ 174 మి.మీ., 20ల మధ్య 82 మాత్రమే. అడుగు ఉపరితలంపై రెండు కడ్డీల నడిమి చోటు నుంచి దగ్గరి కడ్డీకి దూరం మొదటి దాంట్లో 99 మి.మీ., రెండో దాంట్లో 60. సూత్రంలో వేస్తే పగులు వెడల్పు 25లకు 0.28, 20లకు 0.21 వస్తుంది. ఒత్తిడిలో వచ్చిన చిన్న లాభాన్ని దూరం మింగేసింది.

ఇంత లెక్క వేసే తీరిక లేనివాళ్ల కోసం ఐఎస్ 456 పట్టిక 15 ఇచ్చింది. మొమెంట్లను సర్దుబాటు చేయని బీమ్‌లో కడ్డీల మధ్య ఖాళీ ఎఫ్‌ఈ 250 ఇనుముకు 300 మి.మీ., 415కు 180, 500కు 150 దాటకూడదు. ఈ మూడు జతలనూ గుణించి చూడండి: మూడూ 75,000 దగ్గరే ఆగుతాయి. ఒత్తిడి పెరిగినంత మేరా ఖాళీ తగ్గాలన్న సూత్రాన్నే పట్టికగా రాశారు. గట్టి ఇనుముకు ఇంత కట్టడి ఎందుకంటే, అది తెగేముందు ఎక్కువ లాగుడు తట్టుకుంటుందే గానీ ఒకే ఒత్తిడికి సాగడంలో మెత్తటి ఇనుముకూ దానికీ తేడా లేదు. తక్కువ ఇనుముతో ఎక్కువ ఒత్తిడి మోయిస్తాం కాబట్టి ఎక్కువ సాగుతుంది.

మన కడ్డీలు ఎఫ్‌ఈ 500 అనుకుంటే, ఈ పట్టిక ప్రకారం 174 మి.మీ. ఖాళీ ఉన్న మన బీమ్ తప్పుతుంది. లెక్క ప్రకారం మాత్రం 0.28తో 0.3 లోపే ఉంది. ఇందులో వైరుధ్యం లేదు. ఇనుము వాడకంలో పూర్తి ఒత్తిడికి లోనవుతుందని అనుకుని పట్టిక రాశారు, మన బీమ్‌లో ఒత్తిడి అంత లేదు. బ్రిటన్ పాత కోడ్ బీఎస్ 8110 ఈ తేడాను నేరుగా గుర్తించింది: 47,000ను వాడకంలోని ఒత్తిడితో భాగిస్తే వచ్చేదే అనుమతించే ఖాళీ, అదీ 300 మించకుండా. మన 254తో భాగిస్తే 185 మి.మీ. వస్తుంది. అయినా వానకు తడిసే పోర్టికో బీమ్ అయితే నేను ఆ రెండు 25లను ఒప్పుకోను. అక్కడ 0.2 కావాలి.

మూడు 20లు కూడా 0.21 దగ్గర ఆగిపోయాయి కదా, ఇంకా దగ్గరగా జరిపితే సరిపోదా? ఇక్కడే చాలామంది పొరబడతారు. కడ్డీలు దగ్గరైతే నడిమి పగులు సన్నబడుతుంది, కానీ బీమ్ మూల అలాగే ఉంటుంది. మూలకు దగ్గరి కడ్డీ దూరాన్ని కవరే నిర్ణయిస్తుంది. అది 58 మి.మీ. దగ్గరే ఉండిపోతుంది. ఐదు 16లు వేస్తే ఇనుము 1005 అవుతుంది, నడుమ 0.16కు తగ్గుతుంది, మూలన మాత్రం 0.19. గీతకు ఇవతల పడింది గానీ మిగులు తక్కువే. పైగా కడ్డీల మధ్య 36 మి.మీ. ఖాళీయే మిగులుతుంది. 20 మి.మీ. కంకర దిగడానికి అది చాలు, కానీ 40 మి.మీ. వైబ్రేటర్ సూది అందులో దూరదు. సన్న సూది సిద్ధంగా పెట్టుకోకపోతే అడుగున తేనెతుట్టెలాంటి గుల్ల మిగులుతుంది. నన్నడిగితే అక్కడ నాలుగు 20లు వేయడం మేలు. ఒత్తిడి 200కు దిగుతుంది, మూలన కూడా పగులు 0.16కు వస్తుంది. ఖాళీ తగ్గించడం ఒక హద్దు వరకే పనిచేస్తుంది, ఆ తర్వాత ఇనుము మీద ఒత్తిడి తగ్గించాల్సిందే.

ఈ లెక్క ఇప్పటికే కట్టిన బీమ్‌ను తనిఖీ చేసేవాళ్లకూ పనికొస్తుంది. నిచ్చెనెక్కి బీమ్ పక్కనుంచి చూస్తే అడుగు మూలలో పగులు కనిపిస్తుంది. గీతలున్న పారదర్శక కార్డు అక్కడే ఆనించి కొలిచేస్తుంటారు. రెండు 25ల బీమ్‌లో ఆ మూలన లెక్క చెప్పేది 0.20. అదే పగులు బీమ్ కిందకు వెళ్లి నడిమధ్యన చూస్తే 0.28. కాబట్టి కార్డును అడుగు ఉపరితలం మీద, కడ్డీలకు నడుమ కూడా పెట్టి చూడాలి. పగులు బీమ్ పొడవుకు అడ్డంగా ఉంటే ఈ లెక్క వర్తిస్తుంది. కడ్డీ వెంబడే పొడవునా సాగి, తుప్పు మరక కూడా ఉంటే అది వంపు వల్ల వచ్చింది కాదు, లోపల ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతోందని అర్థం. దానికి ఈ సూత్రం సమాధానం చెప్పదు, కవర్ కొట్టి కడ్డీని చూడాల్సిందే.